డౌన్ జాకెట్ ఇంట్లో ఉతకొచ్చా? లోపలి నూగు గడ్డ కట్టకుండా ఎలా?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లె. అన్నయ్య కెనడా నుంచి వచ్చినప్పుడు వేసుకొచ్చిన డౌన్ జాకెట్ ఇక్కడే ఉంచి వెళ్ళాడు. డిసెంబర్ మూడో వారంలో నాన్నగారు అక్కడికి వెళ్తూ వేసుకుంటారు. జాకెట్ ముందు భాగంలో చేపల పులుసు ఒలికిన మరక ఉంది, కాలర్ నల్లగా జిడ్డుగా ఉంది. ఇంట్లో టాప్ లోడ్ మెషిన్ ఉంది, డ్రైయర్ లేదు. ఇక్కడేమో అక్టోబర్ వానలు. ఉతికితే లోపలిది గడ్డ కడుతుందని భయం. ఎలా ఉతకాలి?

సమాధానం:

ఉతకొచ్చండి. అయితే మీ టాప్ లోడ్ మెషిన్‌లో వేయకుండా పెద్ద టబ్బులో చేత్తో ఉతకండి. ఈ ముసురులో మాత్రం వద్దు. వరసగా మూడు నాలుగు రోజులు ఎండ కాసే వరకు, అంటే కార్తీకం సగం దాటే దాకా ఆగండి. డిసెంబర్ మూడో వారం అంటున్నారు కాబట్టి మీకు టైమ్ ఉంది. ఆగకూడనిది మరక ఒక్కటే. దాని పని ఇవాళే మొదలుపెట్టండి, అందుకు జాకెట్ మొత్తం తడపక్కర్లేదు.

గడ్డ కట్టడం గురించి మీకున్న భయం నిజమే. కాకపోతే గడ్డ అలాగే ఉండిపోయేది ఉతకడం వల్ల కాదు, సరిగా ఆరబెట్టకపోవడం వల్ల. నీళ్ళల్లో పడ్డ డౌన్ జాకెట్ ఏదైనా గడ్డ కడుతుంది, మేం మెషిన్‌లో ఉతికినా అంతే. ఆ గడ్డలు మళ్ళీ విడిపోతాయా, అలాగే ఉండిపోతాయా అన్నది తర్వాతి మూడు రోజుల్లో తేలుతుంది. మాది రాజమండ్రిలో లాండ్రీ. సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకి విదేశాల నుంచి వచ్చేవాళ్ళ జాకెట్లు మా దగ్గరికి చాలానే వస్తుంటాయి. పాడైపోయి వచ్చిన వాటిలో ఎక్కువ భాగం బాగానే ఉతికినవి, సరిగా ఆరకుండా బీరువాలోకి వెళ్ళినవి.

అన్నిటికంటే ముందు లోపలి కుట్టు దగ్గర ఉన్న లేబుల్ చూడండి. డౌన్ 80 శాతం, ఫెదర్ 20 శాతం అనో, 90, 10 అనో ఉంటే అది నిజంగా బాతుల నూగు నింపిన జాకెట్. నింపిన దాని పక్కన పాలిస్టర్ 100 శాతం అని ఉంటే లోపల ఉన్నది కృత్రిమ దూది. చూడ్డానికి రెండూ ఒకేలా గళ్ళు గళ్ళుగా ఉబ్బి ఉంటాయి, అందుకే చాలామంది పాలిస్టర్ జాకెట్ పట్టుకుని డౌన్ అనుకుంటారు. లేబుల్ చెరిగిపోయి ఉంటే ఒక గడిని రెండు వేళ్ళ మధ్య నెమ్మదిగా నలపండి. అక్కడక్కడ సన్నని ఈక కాడలు వేలికి తగిలితే డౌన్. పాలిస్టర్ అయితే మీ పని సగం తగ్గినట్టే. చేత్తో ఉతికి, బాగా వత్తి, ఎండలో పరిస్తే ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది. డ్రైయర్‌లో వేసినా, ఇస్త్రీ పెట్టె దగ్గరికి తెచ్చినా వేడి ఎక్కువైతే ముడుచుకుపోతుందన్న జాగ్రత్త చాలు. ఇక్కడి నుంచి మీది డౌన్ జాకెట్టే అనుకుని చెప్తాను.

బాతుకి పై ఈకల కింద, ఒంటిని ఆనుకుని మెత్తటి నూగు ఉంటుంది. దానికి కాడ ఉండదు. మధ్యలో ఒక చుక్కలాంటి భాగం, దాని నుంచి అన్ని వైపులకీ విచ్చుకున్న సన్నని పోగులు. ఆ పోగుల మధ్య గాలి నిలవడం వల్లే జాకెట్ వెచ్చగా ఉంటుంది. తడిస్తే నీరు ఆ పోగుల్ని ఒకదానికొకటి అతికించేస్తుంది, గాలి పోయి గడిలో చిన్న ఉండ మిగులుతుంది. ఆరేటప్పుడు దాన్ని కదుపుతూ ఉంటే పోగులు విడిపోయి మళ్ళీ విచ్చుకుంటాయి. కదపకుండా వదిలేస్తే అతుక్కున్నవి అతుక్కున్నట్టే ఎండిపోతాయి. సబ్బు పూర్తిగా వదలకపోయినా అంతే, ఆరిన తర్వాత కూడా పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కింద చెప్పేవన్నీ ఈ రెండిటి కోసమే.

ముందు మరక

చేపల పులుసు మరకలో నూనె, పసుపు, కారం రంగు మూడూ ఉంటాయి. వాటిని ఒక్కోటిగా తీయాలి, మొదట నూనె. మరక పాతబడి ఉన్నా సరే, పైన టాల్కమ్ పౌడర్ మందంగా చల్లి ఒక రాత్రంతా వదిలేయండి. పొద్దున మెత్తటి బ్రష్‌తో దులిపేస్తే పైపైన ఉన్న నూనె కొంత దాంతో పోతుంది. తాజా మరకైతే దీంతోనే సగం వదిలిపోతుంది.

తర్వాత చేసే పనిలో ఒక కిటుకుంది. మరక ఉన్న చోట పై గుడ్డని రెండు వేళ్ళతో పైకి లాగి పట్టుకోండి. రెండో చేత్తో లోపలి నూగుని కిందికి నెట్టేయండి. మరక ఉన్న గుడ్డ మాత్రం చిన్న గోపురంలా పైకి వచ్చాక దాని మొదట్లో రబ్బర్ బ్యాండ్ వదులుగా చుట్టండి. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది ఉత్త గుడ్డ. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, నాలుగు చుక్కల నీళ్ళు కలిపి దాని మీద వేసి, పాత మెత్తటి టూత్ బ్రష్‌తో పది నిమిషాలు నెమ్మదిగా రుద్దండి. గుడ్డని తడిపి పిండి దాంతో నురగంతా తుడిచేయండి, నురగ రాకుండా పోయేదాకా మళ్ళీ మళ్ళీ తుడవాలి. ఇలా చేస్తే నూగు దాకా నీరు పెద్దగా వెళ్ళదు, జాకెట్ ఒక పూటలో ఆరిపోతుంది.

లిక్విడ్ వేయగానే పసుపు మరక ఎర్రగా మారితే కంగారు పడకండి. పసుపుకి క్షారం తగిలితే ఎరుపవుతుంది, మనం పారాణి కోసం పసుపులో సున్నం కలిపితే జరిగేది ఇదే. నీళ్ళతో తుడిచేస్తే మళ్ళీ పసుపు రంగుకొస్తుంది. నూనె పోయాక మిగిలే ఆ పసుపు చాయని రుద్దుతూ కూర్చోవద్దు. నైలాన్ గుడ్డ పసుపుని రంగులా పీల్చేసుకుంటుంది, ఎంత రుద్దినా పోదు, పైగా గుడ్డ మీది మెరుపు పోయి అక్కడ తెల్లగా అరిగినట్టు కనిపిస్తుంది. దానికి మందు ఎండే. పసుపు రంగు వెలుతురుకి ఆగదు, కారం రంగు కూడా అంతే. మరక ఉన్న చోటు మాత్రం బయటికి ఉంచి, మిగతా జాకెట్ అంతా మందపాటి గుడ్డతో కప్పి మధ్యాహ్నం ఎండలో పెట్టండి. కొన్ని మధ్యాహ్నాలకి చాయ బాగా తగ్గుతుంది. మిగతాది కప్పమనడం ఎందుకంటే అదే ఎండ జాకెట్ రంగుని కూడా వెలిసిపోయేలా చేస్తుంది. వాన పడి ఎండ రాని రోజుల్లో ఈ పని ఆపి, తెరిపి ఇచ్చిన రోజు మళ్ళీ కొనసాగించండి.

కాలర్ నలుపు అంటే ఒంటి చెమట, తలకి రాసుకున్న కొబ్బరినూనె, వాటికి పట్టుకున్న దుమ్ము. అక్కడ కూడా గిన్నెల లిక్విడే పనిచేస్తుంది, కాకపోతే వేసి పావుగంట నాననివ్వాలి. ఇది ఉతికే రోజు పొద్దున్నే చేసుకోండి, ఎలాగూ అప్పుడు మొత్తం తడుస్తుంది కాబట్టి.

బ్లీచ్ జోలికి మాత్రం వెళ్ళకండి. తెల్ల జాకెట్ అయినా సరే. బాతు నూగు, మన వెంట్రుక ఒకే జాతి ప్రోటీన్. క్లోరిన్ బ్లీచ్ దాన్ని తినేస్తుంది. బట్టల పౌడర్లతో కూడా ఇదే ఇబ్బంది, చాలా పౌడర్లలో సోడాతో పాటు ప్రోటీన్ మరకల్ని కరిగించే ఎంజైమ్‌లు వేస్తారు. నూలు చొక్కా మీద రక్తం మరకకి అవి మంచివే. లోపల నిండా ప్రోటీన్ ఉన్న జాకెట్‌కి మంచివి కావు. కంఫర్ట్ లాంటి సాఫ్ట్‌నర్ కూడా వద్దు, అది పోగుల మీద పొరలా పట్టేసి వాటిని విచ్చుకోనివ్వదు.

ఉతికే రోజు

రాబోయే మూడు రోజులకి వాన లేదని, బంగాళాఖాతంలో వాయుగుండం ఏదీ లేదని చూసుకుని మొదలుపెట్టండి. పొద్దున ఎనిమిదింటికల్లా ఉతకడం అయిపోతే ఆ రోజు ఎండంతా మీ చేతిలో ఉంటుంది. ఒక్క పని ముందే చేసి పెట్టుకోండి. ఉతకడానికి ముందు, జాకెట్ పొడిగా ఉన్నప్పుడు వంటింటి డిజిటల్ కాటా మీద తూచి బరువు రాసుకోండి. కాటా లేకపోతే కిరాణా కొట్లో తూపించుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

జేబులు ఖాళీ చేసి, జిప్పులన్నీ వేసి, ఎక్కడైనా చిల్లు ఉందేమో చూడండి. ఈక కొస ఏదైనా బయటికి పొడుచుకొస్తుంటే పీకకండి, దాని వెనక ఇంకో నాలుగు వస్తాయి. వెనక వైపు నుంచి గుడ్డని పట్టుకుని ఈకని లోపలికి లాగేయాలి. చిల్లు ఉంటే నైలాన్ టేప్ ముక్క అంటించాకే నీళ్ళల్లో పెట్టాలి.

పిల్లల్ని కూర్చోబెట్టి స్నానం చేయించే పెద్ద ప్లాస్టిక్ టబ్బు ఉంటే అందులో పాతిక, ముప్పై లీటర్ల నీళ్ళు పోయండి. చెయ్యి పెడితే చలి తెలియనంత గోరువెచ్చగా ఉంటే చాలు. లిక్విడ్ డౌన్ కోసం ప్రత్యేకంగా వచ్చేదైతే మంచిది, నిక్‌వాక్స్ వాళ్ళది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. లేదంటే ఉన్ని బట్టలకి వాడే ఈజీ లాంటిది ఒకటిన్నర పెద్ద చెంచా వేయండి. నురగ తక్కువుందని ఇంకొంచెం పోయాలనిపిస్తుంది. పోయకండి, పోసిందంతా మళ్ళీ మీరే బయటికి తీయాలి. కుంకుడుకాయ రసం వాడొచ్చా అని మా దగ్గర కొందరు అడుగుతుంటారు. నూగుకి దాంతో హాని ఏమీ లేదు గానీ లేత రంగు గుడ్డకి చాయ పట్టే ప్రమాదముంది, లోపలి నుంచి వదిలించడం కూడా కష్టం. నేనైతే వాడను.

జాకెట్‌ని లోపలి గుడ్డ బయటికి వచ్చేలా తిప్పి నీళ్ళల్లో పెట్టండి. అది మునగదు, లోపలి గాలితో తేలుతుంది. మీ టాప్ లోడ్ మెషిన్ వద్దనడానికి ఒక కారణం ఇదే. మెషిన్‌లో ఇది బూరలా పైకి తేలి, సగం పొడిగానే ఉండిపోతుంది. కింద తిరిగే చక్రం మిగతా సగాన్ని లాగి కుట్లు తెంపుతుంది. నీళ్ళు పిండే స్పిన్ ఇంకా ఇబ్బంది. జాకెట్ పై గుడ్డ నీటిని త్వరగా బయటికి పోనివ్వదు, నీరంతా ఒక పక్కకి చేరి డ్రమ్ము కొట్టుకోవడం మొదలుపెడుతుంది. స్పిన్‌కి కూడా వేయకండి. ఫ్రంట్ లోడ్ ఉన్నవాళ్ళయితే ఉన్ని బట్టల సైకిల్‌లో, స్పిన్ వేగం తగ్గించి ఉతుక్కోవచ్చు.

టబ్బులో రెండు అరచేతులతో నొక్కుతూ గాలి బయటికి పంపి ముంచండి. అరచేత్తో నొక్కడం, వదలడం, అంతే. పది నిమిషాలు చాలు. రుద్దడం, మెలిపెట్టి పిండటం, బండ మీద కొట్టడం ఏవీ వద్దు. జాడించడానికి మాత్రం ఉతికిన దానికి మూడింతల టైమ్ పెట్టుకోండి. నీళ్ళు మార్చిన ప్రతిసారీ ఒక గడిని నీటి లోపలే నొక్కి చూడండి. తెల్లటి మబ్బులా ఏదైనా బయటికి వస్తుంటే ఇంకా సబ్బు ఉన్నట్టు. మామూలుగా నాలుగైదు నీళ్ళు పడుతుంది.

మన ప్రాంతంలో నీళ్ళ సంగతి కూడా చూసుకోవాలి. భీమవరం, నరసాపురం వైపు చాలా ఊళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి. ఉతకడం దాంతో కానిచ్చినా ఆఖరి రెండు నీళ్ళు మంచినీళ్ళు కావాలి, కుళాయివైనా, పట్టి పెట్టుకున్న వాననీళ్ళయినా. నూగులో ఉప్పు మిగిలితే వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లినట్టే అది కూడా గాలిలోంచి తేమని లాక్కుంటుంది. జాకెట్ ఎంత ఎండబెట్టినా సాయంత్రానికి మళ్ళీ మెత్తగా, చల్లగా తగులుతుంది. కాలవ నీళ్ళు తేటగా ఉన్నప్పుడు పర్వాలేదు, ఎర్రగా ఒండ్రుతో వస్తున్నప్పుడు వద్దు.

నీళ్ళల్లోంచి తీసేటప్పుడు భుజాలు పట్టుకుని పైకి లేపకండి. తడిసిన నూగంతా ఒక్కసారి కిందికి జారి లోపలి సన్న కుట్లు తెగుతాయి. కుట్టు తెగితే ఒక గడిలోది ఇంకో గడిలోకి పోతుంది, అప్పుడు ఒకచోట ఖాళీ, ఒకచోట మూట. దానికి ఎండ ఏమీ చేయలేదు. టబ్బులోనే నీళ్ళు వంచేసి, అక్కడే అరచేతులతో నొక్కి వీలైనంత నీరు తీసి, కింద రెండు చేతులూ పెట్టి పసిపిల్లని ఎత్తినట్టు ఎత్తి మందపాటి తువ్వాలు మీద పరవండి. పైన ఇంకో తువ్వాలు వేసి చాపలా చుట్టి, మోకాలితో నొక్కండి. తువ్వాళ్ళు తడిసిపోతే మార్చి మళ్ళీ చేయండి. ఇక్కడ పెట్టిన అరగంట ఎండలో సగం రోజుని మిగులుస్తుంది.

ఆరబెట్టడం

ఇంట్లో నులక మంచం ఉందా? ఉంటే మీకు ఇంతకంటే మంచి వస్తువు లేదు. కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. లేకపోతే ప్లాస్టిక్ నవారు మంచమైనా సరే. దాని మీద పల్చటి నూలు గుడ్డ వేసి, జాకెట్‌ని తిరగేసిన మీదటే, లోపలి గుడ్డ ఎండకి ఉండేలా పడుకోబెట్టండి. తాడు మీద వేలాడదీస్తే నీరు, నూగు రెండూ కిందికి దిగిపోతాయి కాబట్టి బాగా తేలికపడే దాకా వేలాడదీయకూడదు. మంచం కింద టేబుల్ ఫ్యాన్ పెట్టగలిగితే ఇంకా మంచిది.

మొదటి రోజు గంటకోసారి తిరగేయండి. రెండో రోజు నుంచి ప్రతిసారీ ఒక్కో గడిని పట్టుకుని, లోపల ఉండ తగిలిన చోట గుడ్డ మీదుగానే రెండు చేతుల వేళ్ళతో నెమ్మదిగా విడదీయండి. మొదటి రోజే విడదీయాలని చూడకండి, చిత్తడిగా ఉన్నప్పుడు అవి విడిపోవు, లాగితే తెగిపోతాయి. సగం ఆరాక మాత్రం వేళ్ళ కింద చటుక్కున విడిపోతాయి, తేడా మీకే తెలుస్తుంది. తర్వాత అరచేత్తో రెండు వైపులా తట్టండి. దిండులో దూది సరిచేసినంత ఓపిక కావాలి, అంతకంటే బలం అక్కర్లేదు. జేబుల చుట్టూ, జిప్పు పక్కన, చంకల దగ్గర రెండు మూడు పొరల గుడ్డ కలుస్తుంది కాబట్టి అవి అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతాయి.

సాయంత్రం నాలుగున్నరకల్లా లోపలికి తెచ్చేయాలి. కార్తీకం నుంచి మన దగ్గర పొద్దు వాలగానే మంచు మొదలవుతుంది, పగలంతా ఆరినదాన్ని ఒక్క గంటలో మళ్ళీ తడిపేస్తుంది. రాత్రి ఏసీ ఉన్న గదిలో పెడితే చాలా మంచిది, ఏసీ గదిలోని తేమని నీళ్ళ రూపంలో బయటికి పంపేస్తుంది కదా. ఏసీ లేకపోతే తలుపులు వేసిన గదిలో ఫ్యాన్ కింద. వరండాలో వద్దు.

ఇక బరువు సంగతి. నిరుడు అమలాపురం వైపు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. ఇలాంటి జాకెట్టే, డ్రైయర్ లేదు, మా షాపు దాకా రావడం కుదరదు. ఆవిడ చేత ఇదే పద్ధతిలో చేయించి, రోజూ సాయంత్రం తూచి చెప్పమన్నాను. ఉతకక ముందు 520 గ్రాములు. తువ్వాళ్ళల్లో చుట్టి నొక్కాక 1,150. మొదటి రోజు సాయంత్రానికి 760, రెండో రోజు 600, మూడో రోజు 545. ఆ మూడో రోజు ఆవిడ "ఎండిపోయిందండి, చేతికి పొడిగా తగులుతోంది, గుడ్డ గలగలమంటోంది, మడతపెట్టేయనా?" అని అడిగారు. అప్పటికి 25 గ్రాముల నీరు లోపలే ఉంది. పై గుడ్డ ఎప్పుడో ఆరిపోయింది, ఆ నీరంతా గళ్ళ మధ్యలో ఉన్న ఉండల్లో దాక్కుంది. అలాగే బీరువాలో పెడితే వారంలో ముక్కిన వాసన వచ్చేది. ఆ రాత్రి ఏసీ గదిలో పెట్టి, మర్నాడు మధ్యాహ్నం ఇంకోసారి ఎండబెట్టి విడదీస్తే 525 దగ్గర ఆగింది. ఇంకో పూట ఉంచినా తగ్గలేదు. అప్పుడు మడతపెట్టమన్నాను. చేతిని నమ్మకండి, కాటాని నమ్మండి. పాత బరువు కంటే ఐదు పది గ్రాముల లోపుకి వచ్చి, రెండు పూటలు వరసగా అక్కడే ఉంటే ఆరినట్టు. ఉబ్బరంగా ఉన్న రోజు నూగు గాలిలోంచే కొంచెం తేమ తీసుకుంటుంది, ఆ కాస్త తేడాకి బెంగపడకండి.

కాటా లేకపోతే జాకెట్‌ని కిటికీకి ఎదురుగా పట్టుకుని వెలుతురులో చూడండి. లేత రంగు, పల్చటి జాకెట్‌లో గడి అంతా ఒకే చాయగా కాకుండా మధ్యలో నల్లటి ముద్దలు కనిపిస్తే అవి ఇంకా ఆరని ఉండలు. ముదురు రంగులో ఇది కుదరదు, అప్పుడు గడిని చెంప మీద ఆనించండి. లోపల తేమ ఉంటే చల్లగా తగులుతుంది.

తడిగా ఉన్నప్పుడు కోళ్ళ గూడు లాంటి వాసన కొంచెం వస్తుంది. అది నూగు సహజ వాసన, ఆరితే పోతుంది. ఆరాక కూడా పుల్లటి వాసన, లేదా తడి గోడ వాసన వస్తుంటే లోపల సబ్బు మిగిలిందనో, బూజు మొదలైందనో అర్థం. సెంటు కొట్టి దాచకండి. మళ్ళీ మంచినీళ్ళతో జాడించి, మళ్ళీ మొదటి నుంచి ఆరబెట్టాల్సిందే. గట్టిగా ఎండిపోయిన ఉండలకి కూడా దారి ఇదే. పొడిగా ఉన్నవాటిని బలవంతంగా నలిపితే పోగులు విరిగి పిండి అవుతాయి. మళ్ళీ తడిపి, ఈసారి కదుపుతూ ఆరబెడితే చాలావరకు విచ్చుకుంటాయి. మాదగ్గరికి గడ్డ కట్టి వచ్చే జాకెట్లకి మేం చేసేది ఇంతకంటే వేరేమీ కాదు, కాకపోతే మాకు డ్రైయర్ ఉంది.

ఇదంతా మీవల్ల కాదనిపిస్తే, లేక నవంబర్ చివరి దాకా వానలు వదలకపోతే, ఉతకడం ఇంట్లో కానిచ్చి ఆరబెట్టడానికి మాత్రం భీమవరంలోనో ఏలూరులోనో పెద్ద డ్రైయర్ ఉన్న లాండ్రీకి ఇవ్వండి. ఇచ్చేటప్పుడు మూడు మాటలు చెప్పండి: తక్కువ వేడి, అరగంటకోసారి తీసి విడదీయాలి, లోపల రెండు మూడు టెన్నిస్ బంతులు వేయాలి. బంతులు తిరుగుతూ జాకెట్‌ని కొడుతుంటే ఉండలు వాటంతటవే విడిపోతాయి. బంతులు మీరే తీసుకెళ్ళండి, మన పిల్లలు క్రికెట్ ఆడేవే సరిపోతాయి గానీ కొత్తవి, ఒక్కోటి తెల్ల సాక్సులో వేసి ముడివేసినవి. వేడికి రంగు వదిలే బంతులున్నాయి. రెండు మూడు గంటలు పడుతుంది, ముప్పావు గంటలో అయిపోయిందని ఇచ్చేస్తే అక్కడే చెంప పరీక్ష చేసి చూడండి. డ్రై క్లీనింగ్‌కి మాత్రం లేబుల్ మీద అనుమతి ఉంటే తప్ప ఇవ్వొద్దు. ఆ ద్రావకాలు నూగుకి సహజంగా ఉండే కాస్త నూనెని కూడా లాగేస్తాయి, నూగు పెళుసుగా అవుతుంది. కోతలయ్యాక చేలల్లో బాతులు నీళ్ళల్లో తిరిగి కూడా తడవకుండా ఎలా బయటికొస్తాయో చూశారు కదా, అందులో ఆ నూనె పాత్ర కూడా ఉంది.

ఆరిన తర్వాత డిసెంబర్ దాకా ఉంచడానికి పెద్ద నూలు దిండుగలీబు చాలు. అందులో వదులుగా వేసి, లోపలి గోడకి ఆనిన బీరువాలో పైన పెట్టండి, మీద ఏ బరువూ పెట్టకండి. ప్లాస్టిక్ కవరు వద్దు. గాలి లాగేసి పల్చగా చేసే సంచులు ప్రయాణం రోజున సూట్‌కేసులో పెట్టుకోవడానికే, నెలల తరబడి నొక్కి ఉంచితే నూగు లేవదు. నాన్నగారు అక్కడ దిగాక జాకెట్ తీసి ఒక పూట విప్పి ఉంచి, నాలుగు సార్లు దులిపి వేసుకుంటే మళ్ళీ ఉబ్బుతుంది.

లేబుల్ ఫోటో ఇక్కడ పెట్టండి. ముఖ్యంగా నింపిన దాని శాతం, టబ్బు బొమ్మ, చతురస్రంలో సున్నా ఉన్న బొమ్మ కనిపించేలా తీయండి. ఆ సున్నా మీద కొట్టివేత ఉంటే డ్రైయర్ మాట మర్చిపోయి మంచమే నమ్ముకోవాలి.